రిబ్ మఫ్లరు మధ్యలో మొదలుపెడితే గీతలు పక్కకు జరుగుతున్నాయి, ఎందుకు?

పద్మ, కావలి: ఢిల్లీలో చదివే మా మనవరాలికి మఫ్లరు అల్లుతున్నాను. రెండు కొసల్లోనూ ఆకుల డిజైను కిందికి వేలాడేట్టు ఒకేలా రావాలని, క్రోషా గొలుసు మీద కుట్లు ఎత్తి తర్వాత ఆ గొలుసు విప్పేసే ప్రొవిజనల్ కాస్టాన్‌తో మధ్యలో మొదలుపెట్టాను. 42 కుట్లు, రెండు నిట్, రెండు పర్ల్. ముందు చిన్న శాంపిల్ చేసి, క్రోషా గొలుసు విప్పి రెండోవైపు అల్లితే రిబ్ గీతలు ఎదురుబొదురుగా లేవు, కాస్త జరిగాయి. ఈ పద్ధతి మానేసి రెండు ముక్కలు విడిగా అల్లి కలపడమే మేలా?

లక్ష్మి, గూడూరు: మేలే అక్కా. గొలుసు విప్పడమంటేనే టెన్షన్. రెండు ముక్కలూ కొసల నుంచి అల్లుకొచ్చి మధ్యలో సూదితో గ్రాఫ్టింగ్ చేసేయండి. గీతకు గీత కలుస్తుంది.

సరళ, ఒంగోలు: ప్లెయిన్ అల్లికలో అతుకు కనపడదు, అంతవరకు లక్ష్మి చెప్పింది నిజమే. రిబ్‌లో మాత్రం కలవదు. రెండు ముక్కలూ కొసల నుంచి వస్తే మధ్యలో తలా తలా ఎదురవుతాయి, అక్కడా పద్మగారికి వచ్చినట్టే అర కుట్టు తేడా వస్తుంది.

పద్మగారూ, మీ చేతి తప్పేం లేదు. గొలుసు విప్పాక మీ సూది మీదికి వచ్చేవి మీరు వేసిన కుట్లు కావు, పక్కపక్క కుట్ల మధ్య కిందివైపున ఉండే లూపులు. 42 కుట్ల మధ్య 41 లూపులే ఉంటాయి. 42వది అంచున దారం కొసతో ఎత్తుకోవాలి. రెండు నిట్ కుట్ల మధ్య లూపు నిట్ గీతలోనే ఉంటుంది. నిట్‌కీ పర్ల్‌కీ మధ్య లూపు మాత్రం సగం ఇటు, సగం అటు. అందుకే గీత మొత్తం అర కుట్టు జరుగుతుంది. ఎంత జాగ్రత్తగా విప్పినా ఇది పోదు, దాన్ని దాచాలి అంతే.

నేనైతే మెడ వెనకకు వచ్చే నాలుగైదు అంగుళాలు, అన్ని వరుసలూ నిట్టే వేసే గార్టర్‌లో అల్లుతాను. గార్టర్‌లో అర కుట్టు ఎవరికీ కనపడదు. అది అయ్యాక ఒకవైపు రిబ్, గొలుసు విప్పి ఇంకోవైపు రిబ్. గార్టర్ మధ్య నుంచి రెండు రిబ్‌లూ బయలుదేరితే, వాటి గీతలు కలిశాయా లేదా అని ఎవరూ పోల్చి చూడలేరు.

విజయ, అద్దంకి: నాకెప్పుడూ ఈ తేడా రాలేదే! పిల్లల టోపీలకు ఇదే కాస్టాన్ వేస్తాను. అంచు మడిచి, గొలుసు విప్పిన లూపునీ సూది మీది కుట్టునీ కలిపి అల్లేస్తాను. చక్కగా వస్తుంది.

సరళ, ఒంగోలు: మీది మడత అంచు విజయగారూ. విప్పిన లూపులు అక్కడే లోపల అతుక్కుని ఆగిపోతాయి. పద్మగారు అక్కణ్ణించి ఎదురుదిక్కుకు అల్లుతున్నారు. తేడా బయటపడేది అప్పుడే.

కోటేశ్వరరావు, కొత్తపట్నం: మా ఇంటావిడ తరఫున అడుగుతున్నాను. గొలుసుకు వల అల్లే నైలాన్ దారం వాడొచ్చా? నున్నగా ఉంటుంది, ఊలు పీచు అంటుకోదు.

సరళ, ఒంగోలు: నున్నగా ఉండటం మంచిదే, కానీ నైలాన్ బిరుసు. గొలుసు లూపు తనంతట తనే వదులైపోతుంది. వేరే రంగు కాటన్ క్రోషా దారం చాలు. నైలాన్‌ను విప్పిన లూపులు జారకుండా గుచ్చి ఉంచడానికి వాడండి.

విప్పడం ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. గొలుసు అల్లడం ముగిసిన కొస నుంచే ఊడుతుంది, మొదలైన కొసను ఎంత లాగినా బిగుస్తుంది. 42 కుట్లకు 48 దాకా గొలుసు వేసి, ముగిసిన కొసకు ఒక ముడి గుర్తు పెట్టండి. కుట్లు గొలుసు వెనక బుడిపెల్లోంచే ఎత్తాలి. ముందువైపు దారం చీల్చి ఎత్తితే విప్పేటప్పుడు ప్రతి కుట్టు దగ్గరా ఇరుక్కుంటుంది, కత్తెర పట్టాల్సిందే. బుడిపెలు కనపడకపోతే క్రోషా సూదితో గొలుసును నేరుగా అల్లిక సూది చుట్టూ వేయండి, ఎత్తే పనే ఉండదు. విప్పేటప్పుడు ఒక సైజు సన్న సూదిని ముందు లూపులోకి దూర్చి, ఆ తర్వాతే గొలుసు లాగండి.

లక్ష్మి, గూడూరు: గ్రాఫ్టింగ్ సంగతి ఒప్పుకుంటా అక్కా. కానీ నాలుగంగుళాల గార్టర్ ఏంది? రిబ్ ముడుచుకుంటుంది, గార్టర్ వెడల్పు సాగుతుంది. మెడ వెనక అతుకేసినట్టు ఉబ్బుతుంది. అతుకు దగ్గర ఒకే ఒక పర్ల్ గట్టు వేస్తే చాలు.

సరళ, ఒంగోలు: వెడల్పు మాట నిజమే. గార్టర్‌కు రెండు సైజుల సన్న సూది వాడితే కొంత తగ్గుతుంది. ఒక్క గట్టయితే కింద గీతా పైన గీతా పక్కపక్కనే ఉంటాయి, కంటికి దొరికిపోతాయి.

లక్ష్మి, గూడూరు: మెడ వెనక జుట్టు కింద ఎవరు చూస్తారండీ!

పద్మ, కావలి: మా మనవరాలిది పొట్టి జుట్టు లక్ష్మీ. శాంపిల్‌లో సగం గార్టర్, సగం ఒకే గట్టు వేసి ఫొటోలు పెడతాను. ఇంకో సందేహం సరళగారూ, 42వ లూపు అంచున ఎత్తాక మొదటి వరుసలో అది వదులుగా ఉంది. దారం కొసను బిగించాలా, మొదటి కుట్టుతో కలిపి అల్లేయాలా?

సరళ, ఒంగోలు: కలిపి అల్లితే 41 అవుతాయి, డిజైను లెక్క తప్పుతుంది. కొసను కొద్దిగా లాగి, మిగిలింది చివర్లో సూదితో కుట్టేయండి.