మొదట చర్య జరిపేది కీటోనా, ఎస్టరా? C6H10O2 దగ్గర వచ్చిన వివాదం

ప్రశ్న (అభ్యాసి): ఒక మోల్ ఇథైల్ లెవ్యులినేట్‌కు, అంటే CH3COCH2CH2COOC2H5 కు, ఈథర్‌లో ఒక మోల్ CH3MgBr చేర్చి, ఆ తరువాత సజల ఆమ్లం కలిపితే ఏమి వస్తుంది? కీటోన్ మొదట చర్య జరుపుతుందని భావించి నేను హైడ్రాక్సీ ఎస్టర్ రాశాను. జవాబుగా C6H10O2 అనే ఫార్ములా మాత్రమే ఇచ్చారు. మొదట చర్య జరిపేది ఎస్టరేననీ, వచ్చేది 2,5-హెక్సేన్‌డయోన్ అనీ, దాని ఫార్ములా సరిగ్గా అదేననీ నా మిత్రుడు వాదిస్తున్నాడు. తప్పు ఎవరిది?

సూత్రప్రియ: మీ మిత్రుడి వాదనే సరైనదని నా అభిప్రాయం. ఎస్టర్‌లోని కార్బొనైల్ కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు అంటి ఉంటాయి. రెండూ ఎలక్ట్రాన్లను తమవైపు లాగుతాయి కాబట్టి ఆ కార్బన్‌పై ధనావేశం ఎక్కువగా ఉంటుంది, గ్రిగ్నార్డ్ కారకం అక్కడికే ముందుగా వెళుతుంది. పైగా ఫార్ములా కూడా సరిపోయింది. ఇంకేమి రుజువు కావాలి?

పాతబీకరు: లాగే మాట నిజమే, కానీ అది సగం మాత్రమే. ఎస్టర్‌లోని ఇథాక్సీ ఆక్సిజన్ ఒంటరి జంట కార్బొనైల్‌తో రెజొనెన్స్‌లో పాల్గొని, లాగినదానికంటే ఎక్కువే తిరిగి ఇస్తుంది. గ్రిగ్నార్డ్ కారకం దాడి చేయాలంటే ఆ స్థిరత్వాన్ని కోల్పోవలసి వస్తుంది. కీటోన్‌కు అలాంటి నష్టం లేదు, అందువల్ల అదే ముందు చర్య జరుపుతుంది.

ఇక రుజువు సంగతి. ప్రతిపాదించిన చర్యావిధానాన్ని నమ్మే ముందు, దాన్ని చివరి దాకా నడిపించి లెక్క చూడాలి. మొదటి పదార్థం అణుభారం 144. కీటోన్‌పై మిథైల్ చేరి, చివరికి ఒక హైడ్రోజన్ చేరితే 160 అవుతుంది, అది అభ్యాసి గారు రాసిన హైడ్రాక్సీ ఎస్టర్. ఇచ్చిన ఫార్ములా భారం 114. తేడా 46, అంటే సరిగ్గా ఒక ఇథనోల్ అణువు. కీటోన్ ఉన్న చోట ఏర్పడిన ఆల్కాక్సైడ్ ఆక్సిజన్, అదే గొలుసులోని ఎస్టర్ కార్బొనైల్‌ను అందుకుని అయిదు పరమాణువుల వలయం కట్టి, ఇథాక్సైడ్‌ను బయటకు నెట్టివేస్తే మిగిలేది γ,γ-డైమిథైల్ బ్యుటిరోలాక్టోన్. దాని ఫార్ములా కూడా C6H10O2. అభ్యాసి గారు సమూహాన్ని సరిగ్గానే ఎంచుకున్నారు, కాకపోతే ఒక మెట్టు ముందు ఆగిపోయారు.

మిత్రుడి మార్గంలో ఎస్టర్ ఇథాక్సైడ్‌ను కోల్పోయి కీటోన్ అవుతుంది, దాని భారమూ 114. కాబట్టి ఈ ఫార్ములా ఇద్దరిలో ఎవరినీ గెలిపించదు. హైడ్రాక్సీ ఎస్టర్‌ను మాత్రం తోసిపుచ్చుతుంది.

సూత్రప్రియ: రెజొనెన్స్ మాట ఒప్పుకుంటాను. అయితే రెండూ ఒకే ఫార్ములా అయినప్పుడు, కాగితం మీద తేల్చే మార్గమే లేదా?

పాతబీకరు: ఒక మార్గం ఉంది. మిత్రుడి చర్యావిధానాన్ని దాని సొంత తర్కంతోనే పరీక్షించండి. ఎస్టర్ మొదట చర్య జరిపి కీటోన్‌గా మారిందనుకుందాం. ఇప్పుడు పాత్రలో రెండు కీటోన్లున్న అణువు ఉంది, ఇంకా చర్య జరపని కీటో ఎస్టర్ కూడా ఉంది. ఎస్టర్ కీటోన్‌కంటే చురుకైనదని ఒప్పుకుంటే తప్ప, మిగిలిన కారకం ఆ డయోన్‌ను వదిలిపెట్టదు. అదీ కాక, సాధారణ ఎస్టర్‌పై గ్రిగ్నార్డ్ కారకం కీటోన్ దగ్గర ఆగకుండా తృతీయ ఆల్కహాల్ దాకా వెళ్ళిపోతుందని మనందరికీ తెలుసు. ఆ ఫలితానికి కారణమే, పుట్టిన కీటోన్ అసలు ఎస్టర్‌కంటే వేగంగా చర్య జరపడం. ఆ అనుభవాన్ని ఒప్పుకుంటూ ఇక్కడ మాత్రం ఎస్టర్ ముందని అనడం కుదరదు.

కొత్తపరీక్ష: మీరంతా అసలు విషయం మరిచిపోయారనిపిస్తోంది. లెవ్యులినిక్ అంటే ఆమ్లం కదా, గ్రిగ్నార్డ్ కారకం మొదట దాని హైడ్రోజన్‌ను తీసుకుని మీథేన్‌గా పోతుంది. ఒక మోల్ వేస్తే అక్కడికే ఖర్చయిపోతుంది, ఏ కార్బొనైలూ మారదు.

పాతబీకరు: మీరు చెప్పినది లెవ్యులినిక్ ఆమ్లానికి అక్షరాలా వర్తిస్తుంది. ప్రశ్నలో ఉన్నది దాని ఇథైల్ ఎస్టర్, కాబట్టి తీయడానికి ఆ హైడ్రోజన్ లేదు. అయినా మీ ప్రశ్న ఇక్కడ పూర్తిగా వృథా కాదు. కీటోన్ పక్కనున్న హైడ్రోజన్లను కూడా గ్రిగ్నార్డ్ కారకం కొంతవరకు తీయగలదు. అలా ఏర్పడిన ఈనోలేట్ ఆమ్లం కలపగానే తిరిగి మొదటి పదార్థమే అవుతుంది. సరిగ్గా ఒక మోల్ వేసినా కొంత కీటో ఎస్టర్ మిగిలిపోవడానికి ఇదొక కారణం.

చేసిచూసినవాడు: నేను ఇదే చర్యను చేశాను, నాకు వచ్చిన ఫలితం మిత్రుడి పక్షమే. CH3MgBr ద్రావణంలోకి కీటో ఎస్టర్‌ను చుక్కలుగా వేశాను. వచ్చిన ముడి పదార్థం 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌తో నారింజ రంగు అవక్షేపం ఇచ్చింది, అయొడోఫాం పరీక్ష కూడా ఇచ్చింది. లాక్టోన్ ఈ రెండింటిలో ఏదీ ఇవ్వదు కదా?

పాతబీకరు: శుద్ధమైన లాక్టోన్ ఇవ్వదన్నది నిజం. మీరు పరీక్షించినది ముడి పదార్థం. అందులో మిగిలిన కీటో ఎస్టర్ ఈ రెండు పరీక్షలకూ సరిపోతుంది, అది మిథైల్ కీటోనే. అయొడోఫాంకైతే అది కూడా అవసరం లేదు, వలయం మూసుకున్నప్పుడు విడుదలైన ఇథనోల్ ఒక్కటే చాలు. లాక్టోన్ ఏర్పడినందుకు సాక్ష్యం కాదగిన పదార్థమే దానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిందన్నమాట.

కలిపిన వరుస కూడా తలకిందులైంది. కారకంలోకి కీటో ఎస్టర్‌ను వేస్తే మొదటి చుక్కలకు చుట్టూ కారకం మితిమీరి ఉంటుంది. అక్కడ పుట్టిన లాక్టోన్ మరి రెండు మోల్‌ల కారకాన్ని తీసుకుని తెరుచుకుని 2,5-డైమిథైల్-2,5-హెక్సేన్‌డయోల్ అవుతుంది. తొలి చుక్కలు అలా మూడేసి వంతులు వాడేస్తే చివరి చుక్కలకు ఏమీ మిగలదు. అధిక కారకంతో ఏ మార్గంలో వెళ్ళినా ఇదే డయోల్ వస్తుంది కాబట్టి, అలాంటి ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబే చెప్పలేదు. కీటో ఎస్టర్‌ను చల్లగా ఉంచి, దానిలోకి కారకాన్ని నెమ్మదిగా వేయాలి.

అభ్యాసి: అలా చేసి శుద్ధి చేస్తే, లాక్టోన్‌ను డయోన్ నుంచి దేనితో వేరుగా గుర్తించాలి?

పాతబీకరు: ఐఆర్ ఒక్కటే దాదాపు చాలు. అయిదు పరమాణువుల లాక్టోన్ కార్బొనైల్ 1770 సెం.మీ⁻¹ దగ్గర, డయోన్ 1715 దగ్గర కనిపిస్తాయి. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో డయోన్‌కు రెండే సింగ్లెట్లు ఉంటాయి, 2.2 దగ్గర ఆరు హైడ్రోజన్లకు, 2.7 దగ్గర నాలుగింటికి. లాక్టోన్‌లో ఆరు హైడ్రోజన్ల సింగ్లెట్ 1.4 దగ్గరకు జరుగుతుంది, రెండు CH2 లు 2.0, 2.6 దగ్గర విడివిడిగా ట్రిప్లెట్లుగా వస్తాయి. 4.1 దగ్గర క్వార్టెట్ మిగిలి ఉంటే ఇథైల్ ఎస్టర్ ఇంకా ఉందని అర్థం.

చేసిచూసినవాడు: నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను, నా దగ్గర ఐఆర్ లేదు. అయితే ఒక విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. వలయం ఆమ్లం కలపకముందే మూసుకుంటుందని మీరు చెప్పినట్లుంది. మెగ్నీషియంకు గట్టిగా అంటిపెట్టుకున్న ఆల్కాక్సైడ్ అంత చురుకైనది కాదు, అందులోనూ ఇది తృతీయం. హైడ్రాక్సీ ఎస్టర్ ఏర్పడి, ఆమ్ల సమక్షంలో లాక్టోన్‌గా మారుతుందని ఎందుకు అనుకోకూడదు?

పాతబీకరు: అనుకోవచ్చు. ఉష్ణోగ్రత, వేచి ఉంచిన సమయం మారితే రెండూ సాధ్యమే. తేల్చాలంటే -78° దగ్గరే అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో చర్యను ఆపి, ఆమ్లం తగలనీయకుండా ముడి పదార్థపు ఎన్ఎంఆర్ తీయాలి. అప్పుడు 4.1 దగ్గర క్వార్టెట్ ఉండి, ఆరు హైడ్రోజన్ల సింగ్లెట్ 1.4 కు బదులు 1.2 దగ్గర ఉంటే మీ మాట నిలుస్తుంది. గది ఉష్ణోగ్రతకు రానిచ్చి ఆపిన మరో భాగాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి.

సూత్రప్రియ: అయితే అభ్యాసి గారి హైడ్రాక్సీ ఎస్టర్, చల్లగా ఆపిన పాత్రలో నిజంగానే ఉండవచ్చు కదా?

పాతబీకరు: ఉండవచ్చు. ప్రశ్నలో సజల ఆమ్లం అని ఉంది, ఎంత గాఢతదో, ఎంతసేపో లేదు.