రెజ్యూమెలో పైన ఏది ఉండాలి: అమ్మిన పాలసీల సంఖ్యా, రెన్యువల్ శాతమా?

పర్లాకిమిడి కుర్రాడు: నాలుగేళ్లుగా జీవిత బీమా ఏజెంటుని. బరంపురంలో ఒక కంపెనీకి సేల్స్ మేనేజర్ పోస్టుకి రెజ్యూమె పంపాలి. మొత్తం 212 పాలసీలు చేశాను. ఈ అంకె పైన పెట్టాలా, రెన్యువల్ శాతం పెట్టాలా? క్లయింట్ల పేర్లు రాయొచ్చా?

బరంపురం బాబాయి: 212 పైన పెట్టు నాయనా. కొత్త బిజినెస్ తెచ్చేవాడే వాళ్లకి కావాలి. శాతం అడిగితే, ఈరోజుకి నడుస్తున్న పాలసీలు ఎన్నో చూసి 212తో భాగించి చెప్పు.

గళ్ళనుడికట్టు: సంఖ్య పైన ఉండాలన్నదాకా బాబాయి గారి మాట సరే. ఆ భాగహారం మాత్రం ఇంటర్వ్యూలో నిలవదు. పోయిన నెల చేసిన పాలసీకి రెండో ఏడు ప్రీమియం ఇంకా రానే లేదు, అది నడవకేం చేస్తుంది? సింగిల్ ప్రీమియంవీ అంతే, వాటికి మళ్లీ కట్టాల్సిందే లేదు. ఈ రెండూ కలిపితే శాతం ఉబ్బుతుంది, అవతల కూర్చున్నవాడికి ఆ సంగతి తెలుసు. కంపెనీలు పెర్సిస్టెన్సీని, అంటే ప్రీమియం కడుతూ నిలిచిన పాలసీల శాతాన్ని, 13, 25, 37, 49, 61 నెలల దగ్గర చూస్తాయి, సింగిల్ ప్రీమియం లెక్క వేరుగా చూపిస్తాయి. తమ్ముడూ, 2023-24లో చేసినవి విడదీసి చెప్పు. ప్రీమియం మొత్తం కూడా కావాలి.

పర్లాకిమిడి కుర్రాడు: ఆ ఏడు 64 చేశాను అన్నా. అందులో 12 సింగిల్. మిగతా 52కి మొదటి ఏడు ప్రీమియం 8 లక్షలు. రెండో ఏడు 41 మంది కట్టారు. ఆ 41 పాలసీల ప్రీమియం 5 లక్షల 60 వేలు.

గళ్ళనుడికట్టు: సింగిల్ కలిపి వేస్తే 64లో 53, అంటే 83 శాతం. తీసేస్తే 52లో 41, దగ్గర దగ్గర 79. ప్రీమియం మీద వేస్తే 70 శాతమే. 79కీ 70కీ తేడా ఎందుకో చూడు. ఆగిపోయిన 11 పాలసీల ప్రీమియం 2 లక్షల 40 వేలు, సగటున ఒక్కోటి 22 వేలకి కాస్త తక్కువ. నిలిచినవి సగటున 13,700 లోపే. అంటే పెద్దవే జారిపోయాయి. మోయలేని ప్రీమియం అంటగట్టావా అని మేనేజర్ అడిగేది అక్కడే. రెండు శాతాలూ రాయి, ఏ ఏడు పాలసీలో, ఏ తేదీ నాటి లెక్కో పక్కనే రాయి. ఏజెంటు పోర్టల్ నుంచి తీసిన ప్రింటు దగ్గర ఉంచుకో.

రాయగడ ప్లాట్లు: లోకల్ మార్కెట్ తెలుసు అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు. నేను స్థలాల ఏజెంటుని. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ఏరియా, ఆదివాసి భూమి ఆదివాసేతరులకి అమ్మడం 1956 రెగ్యులేషన్ ప్రకారం కుదరదు. అందుకే నా రెజ్యూమెలో రిజిస్ట్రేషన్ల పక్కనే, కాగితాలు చూసి వద్దని వెనక్కి పంపినవి ఎన్నో కూడా ఉంటాయి.

బరంపురం బాబాయి: ఇక్కడ అడిగింది బీమా గురించి బాబూ.

గళ్ళనుడికట్టు: అయినా పద్ధతి అదే. మన వైపు వరి డబ్బు చేతికొచ్చేది కోతలయ్యాక. ఊడ్పుల వేళ గడువు పడితే రైతు ముందు ఎరువు కొంటాడు, ప్రీమియం తర్వాత. ఏడాది ప్రీమియానికి గ్రేస్ 30 రోజులే, నెలవారీకి 15. గంజాం నుంచి సూరత్ వెళ్లినవాళ్ల ఇళ్లలో అయితే కట్టేవాడు ఊళ్లో ఉండడు, బ్యాంకు నుంచి ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా పెట్టకపోతే అది ఆగినట్టే. నీ 11లో ఇలాంటివెన్నో తేల్చి, తర్వాతి ఏడు గడువు ఏ నెలకి మార్చి అమ్మావో రెండు వాక్యాల్లో రాయి. తెలుగు, ఒడియా, సవర వచ్చుంటే ఒక్కోటి ఏ బ్లాకులో పనికొచ్చిందో రాయి.

పేర్లు, ఫోన్ నంబర్లు రాయకు. అది వాళ్ల సమాచారం, నీది కాదు. కాశీనగర్ వైపు రైతులు ఇంతమంది, టీచర్లు ఇంతమంది, ఏటా ఇంత లోపు కట్టేవాళ్లు ఇంతమంది అంటే చాలు. పాత క్లయింట్లందరినీ తీసుకొస్తానని అసలే రాయకు. నడుస్తున్న పాలసీ సరెండర్ చేయించి కొత్తది అమ్ముతాడనుకుంటారు.

బరంపురం బాబాయి: సరెండర్ సంగతి ఒప్పుకున్నా. కానీ 70 అని తనంతట తానే రాసుకుంటే ఇంటర్వ్యూకి పిలుస్తారా? 79 ఒక్కటి రాస్తే అబద్ధం కాదుగా.

గళ్ళనుడికట్టు: కాదు. ప్రీమియం మీద ఎంత అని అడిగినప్పుడు తడబడకుంటే సరే.

పర్లాకిమిడి కుర్రాడు: ఆ 11లో మూడు పాలసీలకి ఏడు నెలల తర్వాత బకాయి కట్టించి రివైవల్ చేయించాను. అవి కలిపితే 44 అవుతాయి కదా?

గళ్ళనుడికట్టు: 13వ నెల లెక్కలో కలపకు. కింద విడిగా, మూడు రివైవ్ చేయించాను అని రాయి.

రాయగడ ప్లాట్లు: నేనైతే కలుపుతా. ఇప్పుడు నడుస్తున్నాయిగా.