అప్‌డేట్: అమ్మ అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూ అయింది

నా ప్రశ్న: "అమ్మకు 68 ఏళ్లు, గ్రీన్‌కార్డుతో ఇక్కడ 21 ఏళ్లుగా ఉంది. ఇంగ్లీషు రాదు. ఇంటర్వ్యూ ఎలా గట్టెక్కాలి?"

అమ్మ గెలిచింది! 65 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష లేదు. అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి చదవాల్సినవి 20 ప్రశ్నలే. పది అడుగుతారు, ఆరు చెబితే చాలు. దుబాసీ సాయంతో తెలుగులోనే చెప్పింది. ప్రస్తుత అధ్యక్షుడి పేరు తడుముకోలేదు. నిజానికి కష్టమైనవి దరఖాస్తులోని ప్రశ్నలు, ముఖ్యంగా విదేశీ ప్రయాణాల తేదీలు. పాత పాస్‌పోర్టులు చూసి ముందే రాసిపెట్టుకోండి.

ప్రమాణ స్వీకారానికి ఎన్-445 నోటీసు వస్తుంది. ఇంటర్వ్యూ తర్వాత దేశం దాటారా వంటి ప్రశ్నలకు ఆ రోజే జవాబులు నింపాలి. గ్రీన్‌కార్డు అప్పగించాక ప్రమాణం, ఆపై ధ్రువపత్రం. మన ఇంటిపేర్లు తారుమారయ్యే ప్రమాదముంది కాబట్టి పేరు అక్షరం అక్షరం అక్కడే సరిచూసుకోండి.