ఆపరేషన్‌కు ముందు వెల్లుల్లి గుళికలు, అశ్వగంధ: ఎన్నాళ్ల ముందు ఆపాలి?

నూజివీడు కోడలు: మా అత్తగారికి 68 ఏళ్లు. సోమవారం మోకాలి కీలు మార్పిడి, నడుముకు మత్తు సూది ఇస్తామన్నారు. రోజూ రెండు వెల్లుల్లి గుళికలు, రాత్రి పాలలో అశ్వగంధ చూర్ణం, గుండెకు ఆస్పిరిన్ 75 వేసుకుంటారు. ఆసుపత్రివారు ఆస్పిరిన్ గురించి మాత్రమే అడిగారు, దాన్ని కొనసాగించమన్నారు. ఇవాళ బుధవారం. వెల్లుల్లి రక్తాన్ని త్వరగా ఆగనివ్వదంటారు, ఇప్పుడు ఆపితే సరిపోతుందా?

పెరటి వైద్యం: వెల్లుల్లి మందు కాదు, ఆహారం. తరతరాలుగా పప్పు పోపులో వేసుకుంటున్నాం, బాలింతలకు కారంలో కలిపి పెడుతున్నాం. దానివల్ల రక్తం ఆగకపోతే మన ఊళ్లలో ఒక్క కాన్పూ క్షేమంగా జరిగి ఉండేది కాదు.

మత్తు డాక్టరు: పోపులో వెల్లుల్లి గురించి ఇక్కడ ఎవరూ అడగలేదండీ, ఆవిడ అడిగింది గుళికల గురించి. వెల్లుల్లిలోని అజోయిన్ అనే పదార్థం గాయం దగ్గర రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్ కణాలను ఒకదానికొకటి అంటుకోనివ్వదని, ఒకసారి పట్టుకుంటే వదలదని ప్రయోగశాలలో తేలింది. అలా చెడిన ప్లేట్‌లెట్ బాగుపడదు కాబట్టి కొత్తవి పుట్టేదాకా ఆగాలి, అందుకు ఏడు నుంచి పది రోజులు పడుతుంది. 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష వెల్లుల్లికి కనీసం ఏడు రోజులు చెప్పడానికి కారణం ఇదే. అదే సమీక్ష గింకో అనే మరో మూలికకు 36 గంటలు చాలంది, ఎందుకంటే ఆ పదార్థాలు ఒంట్లోంచి త్వరగా పోతాయి. ఇవాళే ఆపితే సోమవారానికి సుమారు సగం ప్లేట్‌లెట్లు కొత్తవై ఉంటాయి. పూర్తిగా చాలకపోయినా ఆపకపోవడం కంటే ఎంతో మేలు.

లెక్కల మాస్టారు: ఇంత చర్చ అనవసరం. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ, ఐఎన్‌ఆర్ పరీక్షలు చేయించండి, ప్లేట్‌లెట్ల లెక్క చూడండి. అన్నీ సరిగా ఉంటే నిశ్చింతగా వెళ్లవచ్చు.

మత్తు డాక్టరు: మాస్టారూ, ఆ పరీక్షలు అవసరమే గానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. పీటీ చూసేది గడ్డకట్టించే ప్రోటీన్లను, లెక్క చెప్పేది ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో. రెండున్నర లక్షలు ఉండి కూడా వాటిలో చాలా భాగం పనిచేయకుండా ఉండవచ్చు. ఆస్పిరిన్ వేసుకునేవారిలో కూడా ఈ రెండూ మామూలుగానే వస్తాయి.

గోదావరి గట్టు: రెండు వారాల ముందే అన్నీ ఆపాలని మాకు కాగితం ఇచ్చారు. ఈ ఏడు రోజులేమిటి?

మత్తు డాక్టరు: రెండూ వాడుకలో ఉన్నవే. సీసాలో నిజంగా ఏమేం కలిశాయో తెలియదు కాబట్టి రెండు వారాలంటారు. అశ్వగంధకు నేనూ అంతే చెబుతాను. అది మత్తు మందుల మగతను పెంచుతుందనేందుకు ఆధారాలు ఎక్కువగా జంతువులపై చేసిన ప్రయోగాల నుంచే వచ్చాయి. అయినా ఆపడం వల్ల ఆవిడకు పోయేదేమీ లేదు.

పెరటి వైద్యం: అంటే ఆస్పిరిన్ కొనసాగించవచ్చు, వెల్లుల్లి మాత్రం నేరం! కంపెనీ మాత్రకు ఒక న్యాయం, పెరటి మొక్కకు ఒక న్యాయమా?

విశ్రాంత గుమాస్తా: నా సంగతి వినండి. హెర్నియా ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక, వెల్లుల్లి గుళికలు వాడుతున్నానని నిజాయితీగా చెప్పాను. అందరి ముందూ చీవాట్లు పెట్టి ఇంటికి పంపేశారు, కట్టిన డబ్బు కోసం నెల రోజులు తిప్పారు. అప్పటి నుంచి నేను ఏ డాక్టరుకూ ఏమీ చెప్పడం లేదు, చెప్పను కూడా.

పెరటి వైద్యం: అదీ అసలు విషయం! మూలికలు వాడేవాణ్ణి మూర్ఖుడిలా చూస్తారు, తరువాత దాచాడని నిందిస్తారు. నా కోపం ఏడు రోజుల మీద కాదు.

మత్తు డాక్టరు: ఆ కోపం న్యాయమైనదే. నడుముకు సూది ఇచ్చేవారి కోసం అమెరికా ప్రాంతీయ మత్తువైద్య సంఘం రాసిన సూచనలు కూడా, మూలిక ఒక్కటే వాడుతున్నంత మాత్రాన సూది మానవద్దనీ ఆపరేషన్ వాయిదా వేయవద్దనీ చెబుతాయి. మిమ్మల్ని అలా పంపడం నాకు సమంజసంగా తోచలేదు. కానీ ఈ అత్తగారిది ఒక్కటి కాదు. ఆస్పిరిన్ గుండె కోసం కావాలని ఉంచుతున్నారు, ఆపరేషన్ తరువాత కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా సూదులూ ఇస్తారు. వాటిమీద గుళికలు చేరితే లెక్క మారుతుంది. 1990లో 87 ఏళ్ల వ్యక్తికి ఏ సూదీ లేకుండానే వెన్నులో రక్తం చేరిందని, ఆయన రోజూ వెల్లుల్లి ఎక్కువగా తినేవారని ఒక నివేదిక వచ్చింది. అది చాలా అరుదు. అయితే మత్తు దిగాక కాళ్లు మళ్లీ మొద్దుబారినా, నడుములో తీవ్రమైన నొప్పి వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారేదాకా చూడకుండా వెంటనే నర్సును పిలవాలి. వెన్నులో చేరిన రక్తాన్ని ఎనిమిది గంటల లోపు తీస్తేనే కాళ్లు తిరిగి పనిచేసే అవకాశం బాగుంటుంది.

లెక్కల మాస్టారు: ఒక్క ముసలాయన కథతో గుళికలన్నీ ఆపమంటారా?

నూజివీడు కోడలు: ఫోన్ చేశాను. ఇవాళే రెండూ ఆపమన్నారు, సీసాలు వెంట తెమ్మన్నారు, నడుముకు సూదా పూర్తి మత్తా అన్నది ఆదివారం చూసి చెబుతామన్నారు. ఆస్పిరిన్ మాత్రం గుండె డాక్టరు చెప్పకుండా ఆపవద్దన్నారు. అత్తయ్య అశ్వగంధ లేనిదే నిద్ర పట్టదని అలిగారు.

పెరటి వైద్యం: పాలు మాత్రం ఇవ్వండమ్మా. వాయిదా వేస్తే ఇక్కడికి వచ్చి చెప్పండి, అప్పుడు డాక్టరుగారితో నా మాట మిగిలే ఉంది.