‘ప్రతిఫలం’ అంటే తర్వాత దక్కేదేనా?

బీకాం రెండో ఏడాది: చెల్లే ఒప్పందానికి ‘ప్రతిఫలం’ ఉండి తీరాలని మా బిజినెస్ లా పుస్తకంలో ఉంది. ఇంట్లో ప్రతిఫలం అంటే చేసిన మేలుకు తర్వాత దక్కేది కదా. కన్సిడరేషన్‌కి ఈ మాట సరిపోతుందా?

బ్యాంకు రిటైర్డ్: డబ్బేనమ్మా. ఎంత పుచ్చుకున్నారో అదే ప్రతిఫలం.

దస్తావేజు లేఖరి: డబ్బే కానక్కర్లేదండీ. మార్పిడి దస్తావేజులో పొలానికి పొలమే ప్రతిఫలం.

కామర్స్ మాస్టారు: నిజమే. కానీ 1872 భారత ఒప్పందాల చట్టం రెండో సెక్షన్లో అసలు కీలకం ‘వాగ్దానం చేసినవాడి కోరిక మీద’ అన్న మాట. దుర్గాప్రసాద్, బలదేవ్ కేసు చూడండి, 1880, అలహాబాద్ హైకోర్టు. కలెక్టర్ ఆదేశం మీద ఒకాయన సొంత ఖర్చుతో బజారులో దుకాణాలు కట్టించాడు. అందులో చేరిన వర్తకులు, అమ్మిన సరుకు మీద కమీషన్ ఇస్తామన్నారు, తర్వాత ఎగ్గొట్టారు. దావా ఓడిపోయింది. కట్టడం వర్తకుల కోరిక మీద కాదు, కలెక్టర్ మాట మీద జరిగింది కాబట్టి. వాళ్లకు లాభం కలిగిన మాట వాస్తవమే, అది చాలదు.

బీకాం రెండో ఏడాది: మరి వాగ్దానం చేసినవాడి కోరిక మీదే జరిగినా, ఇచ్చింది వేరొకరైతే?

కామర్స్ మాస్టారు: అది చిన్నయ్య, రామయ్య కేసు, 1882, మద్రాసు హైకోర్టు. ఒక పెద్దావిడ కూతురికి ఆస్తి దానం రాస్తూ, తన తోబుట్టువుకి ఏటా 653 రూపాయలు ఇవ్వాలని షరతు పెట్టింది. కూతురు అదే రోజు ఇస్తానని కాగితం రాసిచ్చింది, తర్వాత మానేసింది. నువ్వు నాకేమీ ఇవ్వలేదుగా అని వాదన. ఇచ్చింది తల్లి, అయినా చాలు అంది కోర్టు. ఇంగ్లండులో ఇలా కుదరదు, అక్కడ వాగ్దానం పొందినవాడే ఇచ్చి ఉండాలి.

హైదరాబాద్ పాఠకుడు: మా నాన్న పోయినేడాది తమ్ముడికి దానపత్రం రిజిస్టర్ చేశారు. ప్రతిఫలం లేదు కాబట్టి కొట్టేయించవచ్చా?

దస్తావేజు లేఖరి: దానం జరిగిపోయాక ప్రతిఫలం లేదన్న కారణం చెప్పి లాభం లేదు. ‘ఇస్తాను’ అన్న వట్టి మాటకే ఆ చిక్కు. అడిగింది వేరు, మీకు కావాల్సింది వేరులా ఉంది!

నిఘంటువు పిచ్చి: మాటకొస్తాను. అద్దంలో ముఖం ‘ప్రతిఫలిస్తుంది’ అంటాం. ఎదురు నిలిచి తిరిగొచ్చేది. చట్టంలో అది జరిగిపోయింది కావచ్చు, ఇప్పుడు జరిగేది కావచ్చు, రేపటి మాట కావచ్చు. ‘తర్వాత దక్కేది’ అన్నది మన వాడుక తెచ్చిన అర్థం. హిందీ చట్టంలోనూ ‘ప్రతిఫల్’ అనే ఉంది.

బీకాం రెండో ఏడాది: అయితే ‘బదులు’ అంటే సరిపోదా?

దస్తావేజు లేఖరి: బదులు అంటే మా ఊళ్లో చేబదులు. రేపు వడ్డీ అడుగుతారు!