క్లోజప్‌లో పెదవులు ముఖ్యమా, భావం ముఖ్యమా?

అలిపిరి కుర్రాడు: తమిళ షార్ట్ ఫిల్మ్‌కి తెలుగు మాటలు రాస్తున్నా. క్లోజప్‌లో తల్లి కొడుకుతో "పోగాదడా" అంటుంది. "వెళ్ళొద్దురా" అని రాశా, నోటికి అతకడం లేదు. పెదవుల కోసం మాట మార్చాలా?

నగరి అక్క: మార్చాల్సిందే తమ్ముడూ. తమిళంలో పెదవి మూసిన ప్రతిచోటా మనకీ ప, బ, మ పడాలి. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి, తేడా ఇట్టే తెలుస్తుంది. "వేండాం"కి "వద్దు" అంటే, తెర మీద నోరు మూసుకుంటుంది, మాట మాత్రం తెరిచిన నోటితో అన్నట్టు వినిపిస్తుంది.

డబ్బింగ్ రచయిత: ప్రతిచోటా అక్కర్లేదమ్మా. దూరపు షాట్‌లో మాట మొదలూ చివరా కలిస్తే చాలు. "వేండాం" చివరి సున్నాని మామూలు మాటల్లో తమిళులు ముక్కుతో అనేసి వదిలేస్తారు, చాలాసార్లు పెదవులు కలవవు. అందుకే స్క్రిప్ట్ పక్కన పెట్టి, సౌండ్ ఆపేసి తెర చూడాలి.

బాబూ, నీ షాట్‌లో ఆమె 'పో' కోసం పెదవులు గట్టిగా మూసి తెరుస్తుంది. అక్కడ 'వె' వినిపిస్తే దొరికిపోతాం. "పోబాకరా" మనవైపు మాటే గానీ, 'గా' అంటూ నోరు తెరిచిన చోట 'బా' పడుతుంది. "పోకు నాన్నా" చూడు. అక్షరాలు నాలుగే, 'పో' తర్వాత పెదవులు మూసే పని లేదు, చివర్లో నోరు తెరిచే ఉంటుంది.

పలమనేరు రెడ్డి: మా వాడి వీడియోలోనూ ఇంతే సార్, మాటలన్నీ పెదవుల వెనకే వస్తున్నాయి. అన్నీ మళ్ళీ రాయాలా?

డబ్బింగ్ రచయిత: అన్నీ ఒకే లెక్కన ఆలస్యమైతే మాటల తప్పు కాదండీ. ఆడియో ట్రాక్‌ని రెండు మూడు ఫ్రేములు ముందే మొదలయ్యేలా జరిపి చూడండి.

అలిపిరి కుర్రాడు: సార్, ఆమె "పోగాద" దాకా అని ఆగుతుంది. గొంతు పూడుకుపోయాక "డా" అంటుంది. "నాన్నా" అయితే మధ్యలో విరిగిపోతుంది.

డబ్బింగ్ రచయిత: ఇది ముందే చెప్పాల్సింది! అయితే నేను "పోవద్దు... రా" రాస్తా. 'వ'కి కింది పెదవి పళ్ళకి తగిలీ తగలనట్టు ఉంటుంది, చూసేవాళ్ళు పట్టుకోరు. 'ద్దు' దగ్గర పెదవులు గుండ్రంగా అవుతాయి కాబట్టి దాన్ని పొట్టిగా పలికించు. మాట ఆమె ఆగిన చోటే ఆగుతుంది.

నగరి అక్క: అది హుకుం లాగుంది సార్, తల్లి బతిమాలుతోంది కదా. "పోకు" అన్నాక ఆగి "నాన్నా" అంటే?

డబ్బింగ్ రచయిత: అప్పుడు నోరు కదిలేటప్పుడు మాట ఉండదు, నోరు ఆగాక మాట వస్తుంది. ఒక అక్షరం తప్పినా జనం సర్దుకుంటారు, ఇది మాత్రం ఎవరైనా పట్టేస్తారు. బతిమాలడం గొంతులో తెప్పించవచ్చమ్మా.

నగరి అక్క: గొంతు ఎంత కరిగినా "నాన్నా"లో ఉన్న ప్రేమ "రా"లో రాదు. నేను ఒప్పుకోను.

అలిపిరి కుర్రాడు: రెండూ రికార్డు చేయించి మా వీధిలో వాళ్ళకి చూపిస్తా.

డబ్బింగ్ రచయిత: తమిళం రానివాళ్ళకి చూపించు. వచ్చినవాళ్ళు ఆ పెదవుల్లో "పోగాదడా"నే చదువుకుంటారు, ఏ తెలుగు మాటా నచ్చదు.