అప్‌డేట్: లాభం పెరిగినా షేరు ఎందుకు పడిందో తెలిసింది

నా ప్రశ్న: "కిరాణా కొట్టు నాది. మొదటిసారి షేర్లు కొన్నాను. జూన్ క్వార్టర్‌లో పన్నుకు ముందు లాభం 40 శాతం పెరిగింది, మరి షేరు పడిందేంటి?"

మీరు చెప్పినట్టే బీఎస్ఈ సైట్‌లో రిజల్ట్స్ పీడీఎఫ్ తెరిచి, పోయినేడాది జూన్ కాలమ్ పక్కన పెట్టి చూశాను. అమ్మకాలు పెరగనే లేదు. లాభం 10 కోట్ల నుంచి 14 అయింది నిజమే, కానీ 'ఇతర ఆదాయం' 1 కోటి నుంచి 5 కోట్లకు ఎగిరింది, కింద చిన్న అక్షరాల నోట్ చదివితే స్థలం అమ్మారట! ఆ ఇతర ఆదాయం తీసేస్తే లాభం అప్పుడూ 9, ఇప్పుడూ 9. కొట్టు వెనక ఖాళీ జాగా అమ్మి, బేరాలు బాగున్నాయని చెప్పుకున్నట్టుంది.

నా షేర్లు ఇంకా అమ్మలేదు. జూన్ రిజల్ట్స్‌లో బ్యాలెన్స్ షీట్ ఉండదు, సెప్టెంబర్‌వాటితో వస్తుంది కాబట్టి అందులో కస్టమర్ల బాకీలు ఎంత పెరిగాయో, చేతికి నగదు వస్తోందో లేదో చూసి అప్పుడు తేల్చుకుంటా.